సేల్స్ ఫనెల్ చార్ట్: రెండు దశల మధ్య తగ్గిన సంఖ్య ఏం చెబుతుంది, ఏం చెప్పదు

క్లుప్తంగా: ఫనెల్ చార్ట్‌లో ఒక దశ నుంచి మరో దశకు తగ్గిన సంఖ్యనంతా నష్టంగా చదవడం పరిపాటి. నిజానికి ఆ తగ్గుదలలో చేజారినవారితో పాటు ఇంకా నిర్ణయం తీసుకోనివారు, మొదటి నుంచీ కొనే అవకాశం లేనివారు, దశను దాటవేసి ముందుకు వెళ్లినవారు కూడా కలిసిపోయి ఉంటారు. వీరిని విడదీస్తే పెద్ద లోటుగా కనిపించిన చోట లోటు లేకపోవచ్చు. బాగుందనుకున్న చోట అసలు లోటు బయటపడవచ్చు.

సేల్స్ సమీక్ష సమావేశాల్లో తెరపై మొదట కనిపించేది ఫనెల్ చార్టే. పైన వెడల్పుగా ఎంక్వైరీలు, కిందికి వచ్చేకొద్దీ సన్నబడే పట్టీలు, అడుగున పూర్తయిన అమ్మకాలు. పట్టీ ఎక్కడ ఎక్కువ సన్నబడితే చర్చంతా అక్కడికే వెళుతుంది. బొమ్మ అంత సూటిగా ఉండడమే చిక్కు. ఏ ప్రశ్న అడగాలో కూడా బొమ్మే నిర్ణయించేస్తుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. ఇళ్ల పైకప్పులపై సోలార్ ప్యానెళ్లు బిగించే సంస్థ ఒకటి విజయవాడ పరిసరాల్లో పనిచేస్తోందనుకుందాం. ఇళ్లపై సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన తర్వాత ఈ రంగంలో ఎంక్వైరీలకు కొదవ లేదు. అమ్మకం నడిచే దశలు కూడా స్పష్టంగా ఉంటాయి కాబట్టి ఉదాహరణకు అనువుగా ఉంటుంది. జనవరి నుంచి మార్చి వరకు మూడు నెలల లెక్కను మార్చి 31 సాయంత్రం తీస్తే ఇలా వచ్చిందనుకుందాం.

| దశ | సంఖ్య | ముందు దశలో శాతం |
|---|---|---|
| ఎంక్వైరీ | 1,000 | – |
| ఫోనులో మాట్లాడి అర్హులని తేల్చినవి | 600 | 60 |
| సైట్ సర్వే | 360 | 60 |
| కొటేషన్ | 300 | 83 |
| అడ్వాన్స్ చెల్లింపు | 60 | 20 |
| ప్యానెళ్ల బిగింపు | 48 | 80 |

ఈ పట్టికను చూసినవారిలో కొందరు మొదటి మెట్టును పట్టుకుంటారు, ఎందుకంటే 400 మంది తగ్గింది అక్కడే. మిగతావారు కొటేషన్ నుంచి అడ్వాన్స్‌కు వచ్చిన 20 శాతాన్ని చూపి, ధర తగ్గించాలనో, సేల్స్ సిబ్బందికి శిక్షణ ఇవ్వాలనో అంటారు. సర్వే నుంచి కొటేషన్‌కు వచ్చిన 83 శాతం గురించి ఎవరూ మాట్లాడరు. ఆ దశ బాగానే ఉందని అందరి భావన.

## చార్ట్ ఏ లెక్కతో గీసింది?

కారణాల్లోకి వెళ్లే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ప్రతి పట్టీలో లెక్కించింది ఆ దశలో ఇప్పుడు ఉన్నవారినా, ఆ దశకు ఎప్పుడైనా చేరినవారినా?

కస్టమర్ల వివరాలు నమోదు చేసే సీఆర్ఎం సాఫ్ట్‌వేర్‌లో ప్రతి డీల్‌కు ప్రస్తుత దశ ఒకటి నమోదై ఉంటుంది. దాని ఆధారంగా నేరుగా చార్ట్ గీస్తే వచ్చేది ఈ క్షణాన ఏ దశలో ఎన్ని డీల్స్ ఆగి ఉన్నాయన్న చిత్రం. అడ్వాన్స్ చెల్లించిన కస్టమర్ ఆ చిత్రంలోని కొటేషన్ పట్టీలో ఉండడు, ముందుకు వెళ్లిపోయాడు కాబట్టి. అలాంటి చార్ట్‌లో కింది పట్టీ పై పట్టీ కంటే వెడల్పుగా కూడా రావచ్చు. పెండింగ్ పని ఎక్కడ పేరుకుందో తెలుసుకోవడానికి అది పనికివస్తుంది. అందులో ఒక పట్టీని మరో పట్టీతో భాగించి, తర్వాతి దశకు చేరినవారి శాతం అంటే కన్వర్షన్ రేటు ఇదే అనడం మాత్రం అర్థం లేని పని, ఎందుకంటే ఆ రెండు పట్టీల్లో ఉన్నది వేర్వేరు మనుషులు.

కన్వర్షన్ తెలియాలంటే ప్రతి డీల్ ఏ దశకు ఏ తేదీన చేరిందో చెప్పే చరిత్ర కావాలి. పై పట్టికను అలా వేసిందే అనుకుందాం. శాతాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. చార్టులు గీసే సాధనం పవర్ బీఐలోని ఫనెల్ చార్ట్‌లో పట్టీపై మౌస్ ఉంచితే `Percent of first`, `Percent of previous` అని రెండు శాతాలు కనిపిస్తాయి. మన ఉదాహరణలో అడ్వాన్స్ దశకు మొదటిది 6, రెండోది 20. ఒకరు 6 శాతమని, ఇంకొకరు 20 శాతమని వాదించుకుంటున్నారంటే ఇద్దరూ ఒకే సంఖ్యను వేర్వేరు హారాలతో చదువుతున్నారని అర్థం.

## ఆ 240 కొటేషన్లు ఏమయ్యాయి?

మూడు వందల కొటేషన్లలో 60 అడ్వాన్స్ వరకు వచ్చాయి. మిగతా 240 డీల్స్‌ను ఒక్కొక్కటిగా తెరిచి చూస్తే, కస్టమర్ వద్దని స్పష్టంగా చెప్పినవి 110 ఉన్నాయి. మార్చిలోనే కొటేషన్ అందుకుని ఇంకా ఆలోచిస్తున్నవి 84. అంతకంటే పాతవైనా గత రెండు వారాల్లో మాటామంతీ జరిగినవి 16. మిగిలిన 30 డీల్స్‌లో నెల రోజులకు పైగా ఫోను లేదు, సందేశం లేదు. సీఆర్ఎంలో అవి ఇంకా తెరిచే ఉన్నాయి, ఎవరూ మూసివేయలేదు.

అంటే 240లో 100 డీల్స్‌కు తీర్పు ఇంకా రాలేదు. వాటిని ఓటమి కింద కలిపేయడం వల్లనే 20 శాతమనే భయపెట్టే అంకె వచ్చింది. తీర్పు వచ్చినవాటినే తీసుకుని, చడీచప్పుడూ లేని 30ని కూడా పోయినవాటిలో కలిపితే 200లో 60, అంటే 30 శాతం. ఆ 30ని పక్కన పెడితే 170లో 60, సుమారు 35 శాతం. ఈ పద్ధతికీ ఒక లోపం ఉంది. గెలుపు నమోదైనంత చురుగ్గా ఓటమి నమోదు కాదు, ఎందుకంటే తన డీల్ పోయిందని రాయడానికి ఏ సేల్స్ ఉద్యోగీ తొందరపడడు. అందుకే తీర్పు వచ్చినవాటి లెక్క తరచూ కాస్త ఆశావహంగా ఉంటుంది.

ఇంతకంటే నమ్మదగిన మార్గం కొటేషన్లను అవి ఇచ్చిన నెల ప్రకారం విడదీయడం. జనవరిలో ఇచ్చిన 100 కొటేషన్లలో 34, ఫిబ్రవరిలో ఇచ్చిన 105లో 20, మార్చిలో ఇచ్చిన 95లో 6 అడ్వాన్స్‌కు వచ్చాయి. శాతాల్లో చెబితే 34, 19, 6. వరుసగా చదివితే నెలనెలా వ్యాపారం కూలిపోతున్నట్టు అనిపిస్తుంది. ఇలాంటి పట్టిక చూసి కంగారుపడి డిస్కౌంట్లు ప్రకటించే సంస్థలు ఉంటాయి.

కానీ జనవరి కొటేషన్లకు రెండు నెలలకు పైగా గడువు దొరికింది, మార్చి కొటేషన్లలో కొన్నింటికి రెండు రోజులు కూడా దొరకలేదు. పోల్చవలసింది ఒకే వయసు ఉన్నవాటిని. కొటేషన్ ఇచ్చిన 30 రోజుల లోపు ఎన్ని వచ్చాయని అడిగితే జనవరిలో 100కు 14, ఫిబ్రవరిలో 105కు 15. తేడా లేదు. మార్చి కొటేషన్లకు ఇంకా 30 రోజులు నిండలేదు కాబట్టి వాటిని ఈ పోలికలోకి తేకూడదు. మొత్తం మీద చూస్తే ఈ దశలో కన్వర్షన్ మూడింట ఒక వంతుకు దగ్గరగా, నిలకడగా ఉంది. చార్ట్‌లో కనిపించిన 20 శాతం కొటేషన్ల వయసును చూపింది తప్ప, అమ్మకపు నైపుణ్యాన్ని కాదు.

కొటేషన్ నుంచి నిర్ణయానికి ఎక్కువ కాలం పట్టే వ్యాపారాల్లో ఈ పొరపాటు మరింత పెద్దది. సోలార్ ప్యానెళ్లకే నెలలు పడుతుంటే, ఆసుపత్రులకు స్కానింగ్ యంత్రాలు అమ్మేవారికో, కంపెనీలకు సాఫ్ట్‌వేర్ అమ్మేవారికో మూడు నెలల ఫనెల్ చార్ట్ దాదాపు ఏమీ చెప్పదు.

## బాగుందనుకున్న దశ

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని 83 శాతం దగ్గరకు వద్దాం. 360 సర్వేలు, 300 కొటేషన్లు. సర్వే చేసినవారిలో 300 మందికి కొటేషన్ వెళ్లిందని చార్ట్ చదివినవారు అనుకుంటారు. చార్ట్ ఆ మాట చెప్పలేదు. సర్వే దశకు చేరినవారు 360 అని, కొటేషన్ దశకు చేరినవారు 300 అని మాత్రమే చెప్పింది.

డీల్ చరిత్ర తిరగేస్తే, ఆ 300లో 50 కొటేషన్లు సర్వే లేకుండానే వెళ్లాయని తేలింది. కరెంటు బిల్లు, మేడ ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకుని, కస్టమర్ తొందరపెడుతున్నాడని సిబ్బంది నేరుగా ధర పంపేశారు. అంటే సర్వే జరిగిన 360 ఇళ్లలో కొటేషన్ అందుకున్నవి 250 మాత్రమే, 69 శాతం. సర్వే అయ్యీ కొటేషన్ రానివి 60 కాదు, 110. దశను దాటవేసి వచ్చినవారు కింది పట్టీని నింపి లోటును కప్పేశారు.

ఆ 110 ఇళ్లను కూడా విడదీయాలి. 40 ఇళ్ల విషయంలో సర్వేకు వెళ్లిన ఇంజినీరే పనికిరాదని తేల్చాడు. పక్క అపార్ట్‌మెంటు నీడ పడడం, రేకుల కప్పు బరువు మోయలేకపోవడం, ట్యాంకు, మెట్లగది పోను స్థలం చాలకపోవడం ఇందుకు కారణాలు. ఇది నష్టం కాదు, సర్వే తన పని తాను చేసింది. 20 ఇళ్ల సర్వే గత వారంలోనే జరిగింది, కొటేషన్ తయారీలో ఉంది. మిగిలిన 50 ఇళ్లకు సర్వే జరిగి రెండు, మూడు వారాలు దాటినా కొటేషన్ వెళ్లలేదు. ఇంజినీరు కొలతలు కాగితం మీద రాసుకున్నాడు, ఆఫీసులో డిజైన్ చేసే ఉద్యోగి ఒక్కరే ఉన్నారు, వరుస పెరిగిపోయింది. ఒక మనిషి అరపూట వెచ్చించి ఇంటికి వెళ్లి, మేడ ఎక్కి కొలిచి వచ్చిన తర్వాత ధర చెప్పకుండా వదిలేసిన ఇళ్లివి. ఈ చార్ట్ మొత్తంలో సంస్థ స్వయంగా పోగొట్టుకుంటున్న అత్యంత ఖరీదైన కస్టమర్లు వీరే.

ఇలాంటి దాటవేతను గుర్తించడం కష్టం కాదు. ఒక దశకు చేరినవారిలో ముందు దశ తేదీ ఖాళీగా ఉన్నవారు ఎందరో లెక్కిస్తే చాలు. అయితే కొన్ని సాధనాలు దశ దాటవేసిన డీల్ మధ్య దశలను కూడా తాకినట్టే లెక్క కట్టేస్తాయి. అప్పుడు సర్వే పట్టీలో 360కి బదులు 410 కనిపిస్తుంది. జరగని 50 సర్వేలు జరిగినట్టు నమోదవుతాయి. వెబ్‌సైట్ సందర్శకులను లెక్కించే గూగుల్ అనలిటిక్స్‌లో ఓపెన్ ఫనెల్, క్లోజ్డ్ ఫనెల్ అనే తేడా ఇలాంటిదే. మొదటి రకంలో ఏ దశలోనైనా లోపలికి రావచ్చు, రెండో రకంలో మొదటి దశ నుంచి వచ్చినవారినే లెక్కిస్తుంది. ఒకే సమాచారం నుంచి ఈ రెండు పద్ధతుల్లో వేర్వేరు శాతాలు వస్తాయి.

సర్వే లేని 50 కొటేషన్లలో అడ్వాన్స్‌కు వచ్చినవి 5, సర్వే చేసిన 250లో 55. అంటే 10 శాతం, 22 శాతం. సర్వే చేస్తే అమ్మకం రెట్టింపు అవుతుందని దీని నుంచి తేల్చేయడం తొందరపాటే. సర్వేకు సమయం ఇవ్వని కస్టమర్లు మొదటి నుంచీ ధర తెలుసుకోవడానికే వచ్చి ఉండవచ్చు. పైగా 50లో 5 అనేది చిన్న సంఖ్య. ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే శాతం మారిపోతుంది.

## ఏ రేటూ పడలేదు, మొత్తం రేటు పడింది

మొదటి మెట్టులో 1,000 నుంచి 600కు తగ్గడం చూడడానికి పెద్దదే, కానీ అందులో సగం తగ్గవలసిందే. 400 మందిలో 90 మంది అద్దె ఇళ్లలో ఉన్నవారో, అపార్ట్‌మెంటు మేడపై హక్కు లేనివారో. 60 మంది సంస్థ పనిచేయని జిల్లాలవారు. 50 ఒకే వ్యక్తి రెండుసార్లు నింపిన వివరాలు. ఈ 200ను మొదటి ఫోనులోనే పక్కకు తీయడం మంచి పని. మిగతా 200లో 130 మంది ఫోను ఎత్తలేదు, 70 మందికి అసలు ఎవరూ ఫోను చేయలేదు. ప్రశ్నించవలసింది ఆ 70 గురించి.

అంతకుముందు త్రైమాసికంలో ఇదే రేటు 66 శాతం. ఇప్పుడు 60. ఫోను చేసే సిబ్బంది పనితీరు తగ్గిందని నిర్ధారించే ముందు ఎంక్వైరీలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. అప్పుడు వచ్చిన 700 ఎంక్వైరీల్లో 300 ఫేస్‌బుక్ ప్రకటనల నుంచి, 150 పాత కస్టమర్లు చెప్పడం వల్ల, 250 వెబ్‌సైట్ ద్వారానో నేరుగానో వచ్చాయి. అర్హులుగా తేలినవారు వరుసగా 135, 120, 210. ఈ త్రైమాసికంలో ప్రకటనల ఖర్చు పెంచడంతో ఫేస్‌బుక్ ఎంక్వైరీలు 600 అయ్యాయి, అందులో 270 మంది అర్హులు. మిగతా రెండు మార్గాల్లో అంకెలు మారలేదు.

ఫేస్‌బుక్ రేటు అప్పుడూ 45 శాతమే, ఇప్పుడూ 45 శాతమే. మిగతా రెండు రేట్లూ అలాగే ఉన్నాయి. ఎక్కడా ఏదీ తగ్గకుండానే మొత్తం రేటు ఆరు పాయింట్లు పడిపోయింది, తక్కువ రేటు ఉన్న మార్గం వాటా పెరిగింది కాబట్టి. అదే సమయంలో అర్హుల సంఖ్య 465 నుంచి 600కు పెరిగింది. రేటు పడిపోయిందని ప్రకటనల ఖర్చును పాత స్థాయికి తగ్గిస్తే శాతం మళ్లీ 66కు చేరుతుంది, అర్హులు 135 మంది తగ్గిపోతారు. మొత్తం ఫనెల్‌ను ఒకే బొమ్మగా చూపకుండా, ఎంక్వైరీ వచ్చిన మార్గం ప్రకారం విడివిడిగా గీయాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే.

## ‘ధర ఎక్కువ’ అనే నమోదు

నిజంగా పోయిన 110 డీల్స్‌కు కారణం ఏమిటి? సీఆర్ఎంలో డీల్ మూసేటప్పుడు కారణం ఎంచుకోమంటుంది. జాబితాలో పైనున్నది ‘ధర ఎక్కువ’. సేల్స్ ఉద్యోగికి అది ఎంచుకోవడం తేలిక, తన తప్పు లేనట్టు కూడా ఉంటుంది. అందుకే ఆ గడిలోని మాటను యథాతథంగా నమ్మలేం.

సోలార్ విషయంలో ఆ మాట వెనుక మరో సంగతి దాగి ఉండవచ్చు. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు, అంతకంటే పెద్ద గృహ వ్యవస్థలకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ రూ.78,000. అది ప్యానెళ్లు బిగించి, వ్యవస్థ పనిచేయడం మొదలైన తర్వాత వినియోగదారుడి బ్యాంకు ఖాతాలో పడుతుంది. ప్రకటనలో సబ్సిడీ తీసివేసిన ధర చూసి వచ్చిన వ్యక్తికి, కొటేషన్‌లో పూర్తి ధర, ముందుగా చెల్లించవలసిన మొత్తం కనిపిస్తాయి. అతడు ‘ఎక్కువ’ అన్నది ధర గురించి కాకపోవచ్చు, ఇప్పటికిప్పుడు సర్దవలసిన డబ్బు గురించి కావచ్చు. మొదటిదైతే పరిష్కారం డిస్కౌంట్. రెండోదైతే బ్యాంకు రుణం కాగితాలు కొటేషన్‌తో పాటే ఇవ్వడం. పోయిన డీల్స్‌లో పదిహేను, ఇరవై మందికి సేల్స్‌తో సంబంధం లేని ఉద్యోగి ఫోను చేసి అడిగితే ఈ తేడా తెలిసిపోతుంది. చార్ట్ ఎంత చూసినా తెలియదు.

పోయినవాటిని సంఖ్యతో పాటు విలువలోనూ చూడాలి. రూ.2 లక్షల ఇంటి కొటేషన్లు డజను పోవడం, ఒక రైస్ మిల్లుకు ఇచ్చిన రూ.25 లక్షల కొటేషన్ పోవడం విలువలో దాదాపు సమానం. రెండింటినీ కలిపి గీసిన విలువ చార్ట్ ఒక్క మిల్లు యజమాని నిర్ణయంతో ఊగిపోతుంది. గృహాలకు, వాణిజ్య కస్టమర్లకు ఫనెల్‌ను వేరుగా ఉంచడమే మేలు.

## ఏ దశను ముందు సరిచేయాలి?

పెద్ద తగ్గుదల ఉన్నచోట సరిచేస్తే పెద్ద ఫలితం వస్తుందన్నది సహజంగా కలిగే ఆలోచన. లెక్క అలా ఉండదు. చివరి ఫలితం అన్ని దశల రేట్ల లబ్ధం. కాబట్టి ఏ దశ రేటునైనా దానిలో పదో వంతు పెంచితే బిగింపులు 48 నుంచి సుమారు 53కు పెరుగుతాయి. కొటేషన్ దశలో 20ని 22 చేసినా, మొదటి దశలో 60ని 66 చేసినా ఫలితం ఒకటే. అందువల్ల తగ్గుదల ఎంత పెద్దదనే దానికంటే, ఆ పదో వంతు పెంచడానికి ఎక్కడ తక్కువ ఖర్చవుతుందనేదే సరైన ప్రశ్న. కస్టమర్ ఎంత ఆలస్యంగా పోతే సంస్థకు అంత ఎక్కువ ఖర్చు. మొదటి ఫోనులో పోయిన ఎంక్వైరీకి అయ్యేది ఐదు నిమిషాలు. సర్వే తర్వాత పోయినదానికి ఇంజినీరు జీతం, బండి పెట్రోలు, డిజైన్ సమయం అదనం. అర్హతను ముందే గట్టిగా పరీక్షిస్తే మొదటి మెట్టు రేటు తగ్గుతుంది, కింది రేట్లు పెరుగుతాయి. చార్ట్ పైభాగం అధ్వానంగా కనిపించినా వ్యాపారం మెరుగవుతుంది.

ఈ కొలమానంతో చూస్తే మొదట పట్టుకోవలసింది కొటేషన్ వెళ్లని ఆ 50 ఇళ్లు. సర్వే చేసిన కొటేషన్లు ఇప్పటివరకు చూపిన 22 శాతం రేటే వాటికీ వర్తిస్తే 11 అడ్వాన్సులు, 80 శాతం బిగింపు లెక్కన సుమారు 9 బిగింపులు అదనం. ప్రకటనలకు ఒక్క రూపాయి పెంచకుండా 48 కాస్తా 57 అవుతుంది. వారాల తరబడి ఎదురుచూసినవారిలో కొందరు ఇప్పటికే మరో సంస్థను పిలిచి ఉంటారు కాబట్టి వాస్తవ ఫలితం ఇంతకంటే తక్కువ ఉండవచ్చు. కొత్తగా జరిగే సర్వేల విషయంలో ఆ అడ్డంకి ఉండదు.

మార్పు పనిచేసిందో లేదో తేల్చడానికి చూడవలసిన అంకెలు రెండు: సర్వే జరిగిన వారంలోపు కొటేషన్ వెళ్లిన ఇళ్ల శాతం, కొటేషన్ ఇచ్చిన 30 రోజుల లోపు అడ్వాన్స్ వచ్చిన శాతం. మొదటిది ఏప్రిల్‌లోనే కదలాలి. రెండోది ఏప్రిల్ కొటేషన్లన్నిటికీ 30 రోజులు నిండే మే నెలాఖరు వరకు తెలియదు. వంద కొటేషన్లపై 14 శాతం రేటు కేవలం యాదృచ్ఛికంగానే ఏడు పాయింట్ల వరకు అటూ ఇటూ ఊగగలదు కాబట్టి, అది 16 అయినా 12 అయినా ఒక్క నెల అంకెతో నిర్ణయానికి రాకుండా మే, జూన్ కొటేషన్లకు కూడా 30 రోజులు నిండేదాకా ఆగవలసి ఉంటుంది.